సునీతకు మెసేజ్ పెట్టే ముందు

చిట్టీ,

సునీతకు రొమ్ము క్యాన్సరని తెలిసిందంట, మీ అమ్మ చెప్పింది. నువ్వు తనకు పంపాలని రాసిపెట్టుకున్నదీ నాకు చూపించింది. ఇట్లాంటి మాట వింటే మొహం చాటేసేవాళ్లే ఎక్కువ. నువ్వు అట్లా చేయలేదు, నాకు గర్వంగా ఉంది. కానీ ఆ మెసేజ్ మాత్రం పంపొద్దు తల్లీ.

“ఏ స్టేజీ? ఏ డాక్టరు?” అని మొదలుపెట్టినావు. బయాప్సీలో క్యాన్సరని తేలినంత మాత్రాన స్టేజీ తెలిసిపోదు. స్కాన్లు కావాలి, ఒక్కోసారి ఆపరేషన్ అయ్యాకగానీ పక్కాగా చెప్పలేరు. తనకే తెలియనిది నీకేం చెబుతుంది? తెలిసినా, అదే మాట ఎంతమందికి టైప్ చేస్తా కూర్చుంటుంది? ఆ తర్వాత “నీకేం కాదు” అన్నావు. అది చదివినాక భయమేస్తోందని నీతో ఎట్లా అంటుంది? ఇక “జుట్టు పోతే కొండకు పోయి గుండు చేయించుకున్నాననుకో” అని రాసినావే, నీకు బుద్ధుందా? కొండ మీద మొక్కుకొని మనంతట మనం ఇస్తాం. ఇక్కడ మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనపడతాది. రెండూ ఒకటేనా?

“ఏం కావాలన్నా అడుగు” అనేది కూడా తీసెయ్. ఏమడగాలో, ఎంతవరకు అడగొచ్చో ఆలోచించే పని మళ్లీ తన నెత్తినే పడుతుంది. ఇట్లా పెట్టు:

“సునీతా, విషయం తెలిసింది. చాలా బాధగా ఉంది. ఏం చెప్పాలో తెలియట్లేదు, కానీ నీతోనే ఉంటాను. బుధవారం సాయంత్రం పాపను ట్యూషన్ నుంచి మా తమ్ముడు తెచ్చి దింపుతాడు. వద్దంటే వద్దని పెట్టు చాలు. దీనికి జవాబు రాయక్కర్లేదు.”

రోజు, పని, మనిషి అన్నీ అందులోనే ఉన్నాయి చూడు. “సరే” అనో “వద్దు” అనో చెప్పడం తప్ప తనకు వేరే పనుండదు. వంట పంపాలనుకుంటే మాత్రం ముందు అడుగు. కీమో రోజుల్లో తాలింపు వాసనకే కడుపులో తిప్పేస్తుంది చాలామందికి.

ఇప్పుడు అసలు సంగతి. వార్డులో పనిచేసినదాన్ని, నాకుండే భయం ఇదే. తనకు మూడు వారాలకొకసారి కీమో అంట. ఎక్కించిన వారం తర్వాత, అంటే సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, ఒంట్లో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో ఏ రాత్రో “ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది” అని మెసేజ్ వస్తుందనుకో. మనవాళ్లంతా ఒకటే రాస్తారు: “డోలో వేసుకొని పడుకో, పొద్దున చూద్దాం.” ప్రేమతోనే అంటారు, కానీ ప్రాణం మీదికి తెచ్చే మాట అది. మాత్రతో జ్వరం దిగినట్టు కనపడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పాకుతానే ఉంటుంది. తెల్లకణాలు లేనప్పుడు చీము, ఎరుపు కూడా సరిగ్గా తేలవు. మనిషి చూడ్డానికి బాగానే ఉందని ధీమా పడొద్దు.

అట్లాంటప్పుడు నువ్వు పెట్టాల్సింది ఇది: “థర్మామీటర్ పెట్టి చూడు. 100.4 ఉన్నా, దాటినా, చలితో వణుకు వచ్చినా ఇప్పుడే హాస్పిటల్ వాళ్లు ఇచ్చిన నంబరుకు ఫోన్ చెయ్. వాళ్లతో మాట్లాడకుండా మాత్ర వేసుకోవద్దు. తమ్ముడు కారు తీసుకొని వస్తున్నాడు.” పెట్టి ఊరుకోవద్దు, వెంటనే ఫోన్ కూడా చెయ్. అక్కడ రక్తం పరీక్షకు తీసి, ఫలితం కోసం చూడకుండానే నరంలోకి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఇందులో గంటలు లెక్క. తన దగ్గర థర్మామీటర్ లేకుంటే నీ మొదటి కానుక అదే కానీ, పూలగుత్తులు వద్దు.

ఆ రోజుల్లోనే “దర్శనానికి పోదాం రా, మనసు కుదుటపడుతుంది” అని పిలవొద్దు, క్యూలో ఎంత జనముంటారో నీకు తెలియదా. నీకు జలుబుంటే చూడ్డానికి కూడా పోవద్దు.

లక్ష్మణఫలం, పసుపు, ఆకుపసర్ల వీడియోలు ఫార్వర్డ్ చేయొద్దు. మీ కాలేజీ గ్రూపులో తన సంగతి ఎత్తొద్దు, ఎవరికి చెప్పాలో తనిష్టం. రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో కనపడితే “ఇంకా పడుకోలేదా” అని గదమాయించొద్దు. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టనీదు. నీకూ మెలకువగా ఉంటే మీ హాస్టల్ నాటి ఫోటో ఏదన్నా పెట్టు. జబ్బు లేని మాటలు కూడా కావాలి కదా మనిషికి.

టిక్కులు నీలమై జవాబు రాకపోతే అలగొద్దు. నాలుగు రోజులాగి మళ్లీ ఒక చిన్న మెసేజ్ పెట్టు. మొదటి వారం అందరూ పెడతారు. నాలుగో కీమో నాటికి ఫోన్ మోగదు. తన కీమో తేదీలు అడిగి ఇప్పుడే నీ ఫోన్‌లో వేసుకో, ఒక్కోదానికి ఎనిమిదో రోజున అలారం పెట్టు.

మీ పెద్దమ్మ