ఏఱు దాటేటప్పుడు బండి ఱ

సందేహం: అయ్యా, నెల్లూరు జిల్లా చెరువు శాసనాల్లో నీటికి సంబంధించిన మాటల మీద తెలుగులో ఒక పరిశోధన వ్యాసం రాశాను. పాత శాసనాల్లో ర, ఱ వేరువేరుగా ఉండి తర్వాతి వాటిలో కలిసిపోయాయని నా వాదన. దాన్ని ఇంగ్లీషు చేసి ఒక జర్నల్‌కు పంపితే, ఒకే మాటకు eru, yeru, ēru అని మూడు రూపాలున్నాయి, మీ వాదన ఏమిటో ఎక్కడుందో తెలియలేదు అని తిప్పి పంపారు. అందరూ eru అనే రాస్తున్నారు కదా, అదొక్కటే అంతటా ఉంచితే సరిపోదా?
— ఒక అధ్యాపకురాలు, కావలి

సమాధానం: సరిపోదమ్మా. వాళ్లు తిప్పి పంపడమే మంచిదైంది. మీ వాదన అంతా ఆ రెండు అక్షరాల తేడా మీద నిలబడి ఉంది. రెంటినీ r అని రాశాక ఇక చూపడానికి ఏం మిగిలింది? అంతటా eru అని పెడితే వ్యాసం శుభ్రంగా కనబడుతుంది, సాక్ష్యం మాత్రం పోతుంది.

నీరు పారేది ఏఱు, బండి ఱ. తమిళంలో ఆఱు, ఇంకా పాతరూపం యాఱు, అక్కడా ఆ గట్టి ఱకారమే. దున్నేది ఏరు, మామూలు ర. తమిళంలోనూ ఏర్. ఏరువాక పున్నమి ఈ ఏరుదే, నదిది కాదు. ఇక eru లో దీర్ఘం కూడా లేదు కాబట్టి చదివేవాడికి ఎరువు కూడా తోచవచ్చు. నదీ నాగలీ ఎరువూ మూడూ రైతుకు కావలసినవేగానీ, ఒకే మాటలో మూడూ కుక్కితే ఎలా?

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. చెట్టుకుండేది వేరు, తేడా అయితే వేఱు. మనం ఉండేది ఊరు, ఉప్పులో మగ్గేది ఊఱు. అంటే ఊఱగాయలో ఊరు లేదు. నెల్లూరులో మాత్రం ఉంది, అది ర. (ముందున్న నెల్ వరి అనేవాళ్లున్నారు, ఉసిరి నెల్లి అనేవాళ్లున్నారు. ఆ తగవులోకి నేను దిగను.) శబ్దరత్నాకరం తిరగేస్తే ఏ మాటకు ఏ రేఫమో దొరుకుతుంది. కవిత్రయం వారు ప్రాసలో ఈ రెంటినీ కలపరని లాక్షణికుల మాట. తమిళనాడు మనకు కూతవేటు దూరం, అక్కడి బడిపిల్లవాడు ఈ రోజుకీ రెండూ వేరుగా రాస్తాడు. మనమేమో ఱ ను అక్షరమాల చివర కూర్చోబెట్టి, పెద్దాయన లేడనుకుని ఇల్లు ఖాళీ చేయించాం. ఎఱ్ఱాప్రగడ పేరును కూడా ఎర్రాప్రగడ అని అచ్చువేస్తున్నారు, అదీ ఆయన్ని కన్న మన ప్రాంతంలోనే!

ఇక మీ పని. లిప్యంతరీకరణకు ఐఎస్ఓ 15919 పద్ధతి పట్టుకోండి. 2001లో వచ్చింది, తెలుగుకు బాగా సరిపోతుంది. అందులో మీకు ముఖ్యమైనవి ఇవి: ఎ, ఒ లు e, o, ఏ, ఓ లు ē, ō, ర కు r, ఱ కు కింద గీతతో ṟ. కింద చుక్క పెట్టే ṛ వేరు. సంస్కృతం వాళ్లు దాన్ని ఋ కు వాడతారు, ఇంకొందరు ఇంకోదానికి. చుక్కకూ గీతకూ తేడా చూడకుండా ఒక పేజీలో అదీ ఒక పేజీలో ఇదీ పెట్టారా, వాళ్లు మళ్లీ తిప్పి పంపుతారు. వేదం వంటి సంస్కృత మాటలో ఏ కు మీద గీత పెట్టాలా అని అడగబోతారు. ఈ పద్ధతిలో పెట్టాలి, అన్నిచోట్లా పెట్టండి.

ఇంకో చిక్కు సున్న. బ ముందున్న సున్నను paṭṭambu అని m తో రాయవచ్చు, paṭṭaṁbu అనీ రాయవచ్చు, పద్ధతి రెంటినీ ఒప్పుకుంటుంది. పుస్తక భాషకైతే మొదటిదే కంటికి హాయి. కానీ శాసనాల్లో కొన్నిచోట్ల సున్న ఉంటుంది, కొన్నిచోట్ల సున్నకు బదులు ణ్డ, న్ద అని అనునాసికమే చెక్కి ఉంటుంది. మీరు సున్నను కూడా ṇ చేసి రాస్తే రాతి మీద ఏముందో చదువరికి తెలియదు. కాబట్టి ఉల్లేఖనాల్లో సున్న వస్తే ṁ, చెక్కిన అనునాసికం వస్తే ṇ లేదా n. ఇది నా అభిప్రాయం. మీ సంపాదకుడు ఒప్పుకోకపోతే ఒక వాక్యంలో కారణం చెప్పి నిలబడండి.

మరో మాట జాగ్రత్తగా వినండి. పాత శాసనాల లిపిలో ఎ, ఏ లకు తేడా సాధారణంగా చూపరు. కాబట్టి ఉల్లేఖనంలో మీరు రాసిన ē రాతి మీదిది కాదు, మీ పఠనం. ఱ మాత్రం రాతి మీదిదే. మీ వ్యాసం బలం అక్కడే ఉంది కాబట్టి, దీర్ఘం నేను చేర్చాను, రేఫం నేను ముట్టలేదు అని ఒకసారి స్పష్టంగా చెప్పాలి.

మూడు రూపాల సంగతికి వద్దాం. శాసనంలో యేఱు అని య తో ఉంటే ఉల్లేఖనంలో yēṟu అనే ఉంచండి. అది మీది కాదు, శాసనకర్తది. మీ సొంత వాక్యంలో ప్రతిచోటా వాలు అక్షరాల్లో *ēṟu*, పక్కన అర్థం ఒంటి ఉల్లేఖన గుర్తుల్లో, అదీ మొదటిసారి మాత్రమే. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో వేసిన నెల్లూరు శాసన సంపుటాల నుంచి ఇంగ్లీషు వాక్యం ఎత్తి రాస్తే వారి వర్ణక్రమం వారిదే, దిద్దకండి. నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లకు వాడుక ఇంగ్లీషు రూపాలే చాలు, గీతలొద్దు. పెన్న నదికి కూడా అంతే. కానీ పెన్నేఱు అనే మాటలో ఏఱు ఉందని చర్చించే పేరాలో మాత్రం Pennēṟu అని రాయాలి. అక్కడది ఊరి దారి చెప్పే పేరు కాదు, మీరు కోసి చూపించే పదం. పాలేరు విషయంలో ఇంకా జాగ్రత్త: ప్రకాశంలో అది నది, పొలంలో అది పనివాడు.

పద్యం, శాసన పంక్తి వస్తే ముందు లిప్యంతరీకరణ, వరుసలు విరిచినట్టే. కింద మీ అనువాదం. వాక్యం మధ్యలో సగం తెలుగు సగం ఇంగ్లీషు కలపొద్దు. మాటలన్నీ అనువాదం మొదలుపెట్టకముందే ఒక పట్టికలో రాసుకోండి: తెలుగు రూపం, లిప్యంతర రూపం, అర్థం. చివర ఫైలులో eru, yeru అని వెతకండి. ఒక తిప్పలుంది: ṟ కంప్యూటర్‌లో రెండు రకాలుగా ఉంటుంది, ఒకే అక్షరంగా (U+1E5F), లేదా r కు గీత అతికించి (U+0331). కంటికి రెండూ ఒకటే. వెతికితే ఒకటి దొరికి ఇంకొకటి దొరక్కపోవచ్చు. ఏదో ఒకదానిగా అంతటా మార్చుకోండి.

వాదన ఎక్కడుందో తెలియలేదన్నారు. అదీ నిజమే అయి ఉంటుంది. మనం జిల్లా చరిత్రతో మొదలుపెట్టి, తిక్కనకు దండం పెట్టి, చివరి పేరాలో అసలు సంగతి చెబుతాం. సభలో అది మర్యాద. వాళ్లు మొదటి పేజీలోనే అడుగుతారు. కాబట్టి ఉపోద్ఘాతం చివర ర, ఱ ఎప్పటివరకు వేరుగా ఉన్నాయని మీరంటున్నారో రెండు వాక్యాల్లో పెట్టండి. వెంటనే లిప్యంతరీకరణ గురించి ఒక పేరా, తర్వాత శాసనాలు కాలక్రమంలో, తర్వాత చర్చ. తిక్కన దండం తీసేయండి, ఆయన ఏమీ అనుకోడు.

ఇక ర, ఱ కలిసిన కాలాన్ని ఇన్నేళ్లని గీత గీసి చెప్పమంటే నేను చెప్పను. చెక్కినవాడి చదువును బట్టి ఒకే ఊళ్లో రెండూ కనబడవచ్చు.