సోలార్ స్టాండ్ కింద ఎంత బరువు దిమ్మెలు కావాలి?

సందేహం: హైదరాబాద్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. డాబా మీద సోలార్ పెట్టిస్తున్నాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఒకే వరుస, 10 డిగ్రీల వాలు, స్టాండ్‌కి ఎనిమిది కాళ్లు. స్లాబ్‌కి డ్రిల్ చేస్తే వానకు కారుతుందని నేను ఒప్పుకోలేదు. అయితే ఒక్కో కాలుకి అడుగు సైజు కాంక్రీట్ దిమ్మె పోస్తాం, అదే చాలు అని కాంట్రాక్టర్ అంటున్నారు. గాలిదుమారం వస్తే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. ఎంత సైజు దిమ్మెలు, ఎన్ని కావాలి?

జవాబు: ఎనిమిది అడుగు దిమ్మెలు చాలవు. బరువు మీదే ఆధారపడాలంటే 45 సెంటీమీటర్ల ఘనం దిమ్మెలు పన్నెండు కావాలి. అంత బరువును మీ స్లాబ్ మోయగలదా అన్నది ఇంకో ప్రశ్న. ముందు లెక్క చూడండి.

గాలికి ఇల్లు, షెడ్డు, హోర్డింగు ఎంత తట్టుకోవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో హైదరాబాద్‌కి ఇచ్చిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు. చుట్టూ ఇళ్లున్న కాలనీలో, డాబా ఎత్తులో అది 40 మీటర్లకు తగ్గుతుంది. అంటే గంటకు 144 కిలోమీటర్లు. వేగం నుంచి ఒత్తిడి ఇలా వస్తుంది:

```
p = 0.6 × V²
0.6 × 40 × 40 = 960 N/m²
```

అంటే చదరపు మీటరుకు సుమారు 98 కిలోలు. గాలి ప్రతిసారీ మీ స్టాండ్‌కి సరిగ్గా అనుకూలించని దిక్కు నుంచే రాదు కాబట్టి దీన్ని 0.9తో తగ్గించుకోవచ్చు. నాలుగువైపులా తెరిచి ఉండే 10 డిగ్రీల వాలు కప్పుకి పైకి లాగే గుణకం కూడా దాదాపు 0.9. రెండూ వేస్తే 80 కిలోలు మిగులుతాయి. మీ ఆరు ప్యానెళ్ల విస్తీర్ణం పదిహేనున్నర చదరపు మీటర్లు. అంటే వెనక ఎత్తుగా ఉండే ఉత్తరం వైపు నుంచి ప్యానెళ్ల కిందికి దూరిన గాలి మీ స్టాండ్‌ను 1,240 కిలోల బలంతో ఎత్తుతుంది.

అడుగు దిమ్మె, అంటే 30 సెంటీమీటర్ల ఘనం, 65 కిలోలు తూగుతుంది. ఎనిమిదీ కలిపి 520 కిలోలు. ప్యానెళ్లు, ఇనుము కలిపి ఇంకో 300 అనుకుందాం. మొత్తం 820. ఎత్తే బలం 1,240.

చాలామంది లెక్కలో వదిలేసేది జారడం. గాలి స్టాండ్‌ను పైకి లాగుతూనే పక్కకీ తోస్తుంది. దిమ్మెను ఆపేది దాని కిందున్న రాపిడి. గాలి పైకి లాగుతున్నప్పుడు దిమ్మె నేల మీద మోపే బరువు తగ్గి, ఆ రాపిడీ తగ్గిపోతుంది. అందుకే స్టాండ్ ఎగరకముందే జరుగుతుంది. రాపిడిని బరువులో 0.4 వంతుగా తీసుకుంటే, మీ కాంట్రాక్టర్ చెప్పిన ఏర్పాటు డాబా మీద గాలి గంటకు 98 కిలోమీటర్లు చేరేసరికి జారడం మొదలుపెడుతుంది, 118 దగ్గర లేస్తుంది. మామూలు వేసవి గాలిదుమారాలకు నిలిచిపోతుంది కాబట్టే "మేం పెట్టినవి ఎక్కడా ఎగరలేదు" అని వాళ్లు నమ్మకంగా చెప్పగలుగుతారు. కానీ ప్రమాణం అడిగేది 144ని, పైన కొంత మార్జిన్‌తో.

ఆ మార్జిన్ ఇలా వేస్తాం: గాలిని ఒకటిన్నర రెట్లుగా, మన బరువును పదో వంతు తక్కువగా లెక్కిస్తాం. అప్పుడు ఎగరకుండా, జారకుండా ఉండటానికి మొత్తం బరువు 2,930 కిలోలు కావాలి. స్టాండ్ బరువు పోగా దిమ్మెల వాటా సుమారు 2,630. 45 సెంటీమీటర్ల ఘనం దిమ్మె 219 కిలోలు కాబట్టి పన్నెండు. అడుగు దిమ్మెలతోనే చేయాలంటే నలభై దాటతాయి. పన్నెండిట్లో ముందు వరుస నాలుగు కాళ్లకు ఒక్కొక్కటి, వెనక ఎత్తుగా ఉన్న నాలుగు కాళ్లకు రెండేసి పెట్టాలి. గాలి తగిలేది ముందు ఆ ఎత్తు అంచుకే. రెండు దిమ్మెల మీదుగా ఒక ఇనుప చానెల్ బిగించి దాని మీద కాలు నిలపాలి. కాలు ఒక దిమ్మె మీదే ఉండి, రెండోది పక్కన ఊరికే ఆనించి ఉంటే ఆ రెండో దిమ్మె బరువు ఎందుకూ పనికిరాదు.

ఈ 219 కిలోల అంకె కంకర కాంక్రీట్‌ది, గట్టిగా కూరినదానిది. డబ్బాలో ఇటుక ముక్కలు నింపి పైన సిమెంట్ పూసిన దిమ్మె అంత తూగదు. పోసేటప్పుడు మీరు దగ్గర ఉండండి. కనీసం వారం రోజులు తడపాలి. ఇంత బరువు మెట్ల మీదుగా మోసుకెళ్లలేరు కాబట్టి డాబా మీదే పోయించాలి. దిమ్మె కింద రబ్బరు షీటు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పాడవదు, రాపిడీ బాగుంటుంది. నాచు పట్టిన డాబా మీద మాత్రం నేను చెప్పిన 0.4 రాదు, ముందు గీకించండి.

ఇక స్లాబ్. మనుషులు తిరిగే డాబాకు సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల బరువు పడుతుందని డిజైన్ చేస్తారు. మీ స్టాండ్ ఆక్రమించేది పదిహేడున్నర చదరపు మీటర్లు. దాని మీద 2,930 కిలోలంటే చదరపు మీటరుకు 167. పైగా అది సమంగా పరుచుకోదు, వెనక కాళ్ల కింద ఒక్కోచోట నాలుగు వందల కిలోలు దాటి పడుతుంది. కింది గదిలో సీలింగ్ చూసి బీమ్‌లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, వెనక కాళ్ల వరుస సరిగ్గా ఆ బీమ్ మీద వచ్చేలా చూడాలి. గది మధ్యలో వస్తుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా పెట్టొద్దు.

నన్నడిగితే మీ ఇంటికి ఇంకో దారి మంచిది. పై అంతస్తు కోసమని పిల్లర్ల చువ్వలు డాబా మీద వదిలి ఉంటారు కదా. మీకూ ఉంటే, ఆ చువ్వలను కలుపుకుని పిల్లర్ నెత్తిన చిన్న కాంక్రీట్ స్తంభం లేపి, అందులో యాంకర్ బోల్టులు ముందే పెట్టి పోయించండి. ఒక స్తంభం నుంచి ఇంకోదానికి ఇనుప దూలం వేసి దాని మీద స్టాండ్ కట్టొచ్చు. ఎత్తే గాలిని ఇంటి పిల్లరే పట్టుకుంటుంది. స్లాబ్‌కి ఒక్క రంధ్రం ఉండదు, టన్నుల బరువూ ఉండదు. చువ్వలు తుప్పు పట్టి పొరలుగా ఊడుతుంటే మాత్రం వాటిని నమ్మకూడదు. రేపు పై అంతస్తు కట్టాలంటే స్టాండ్ తీయాల్సి వస్తుందన్నది కూడా ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇదే స్టాండ్ విశాఖలో పెట్టాలంటే మూల వేగం 50 మీటర్లు. తుపాను ప్రాంతంలో దిక్కు కోసం వేసిన 0.9 తగ్గింపు కూడా ఉండదు. దిమ్మెల బరువు నాలుగు టన్నుల దగ్గరికి పోతుంది. అక్కడ దిమ్మెల మీదే ఆధారపడటం నేను ఒప్పుకోను. కింద నడవడానికి వీలుగా ఏడెనిమిది అడుగులు లేపే స్టాండ్‌లకూ అంతే, అవి జారకముందే బోర్లా పడతాయి.

ఒకవేళ దిమ్మెలే పెట్టించుకుంటే, ప్రతి దిమ్మె చుట్టూ డాబా మీద పెయింట్‌తో గీత గీయండి. పెద్ద గాలి వచ్చి వెళ్లాక ఆ గీతలు చూడండి. ఒక్క దిమ్మె అయినా గీత నుంచి వేలెడు జరిగి ఉంటే, వచ్చే గాలి లోపు బరువు పెంచాలి లేదా పిల్లర్‌కి కట్టేయాలి.