పేరు తెలియని కంపెనీని వెతికేదెలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. మొన్న మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అందరినీ కూర్చోబెట్టి, "పేరున్న కంపెనీల కోసమే కాచుకుని కూర్చోకండి, వేరేచోట్ల కూడా వెతకండి" అని గంటసేపు చెప్పారు. అసలు పేరే తెలియని కంపెనీని ఎలా వెతకాలి సార్? దొరికినా నమ్మడమెలా?

జవాబు: మీ సారు చెప్పింది నిజమే. దారి కూడా చూపించి ఉంటే బాగుండేది.

పేరుతో వెతికితే పేరున్నవే దొరుకుతాయి. అందుకని వస్తువుతో మొదలుపెట్టండి. కంచన్‌బాగ్‌లో బీడీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉన్నాయి కదా. అలాంటి సంస్థలు ప్రతి భాగాన్నీ సొంతంగా చేసుకోవు. డ్రాయింగ్ ఇచ్చి బయట చేయిస్తాయి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలోని మెషిన్ షాపులు బతికేది ఇలాంటి ఆర్డర్ల మీదే. జాబ్ సైట్‌లో కంపెనీ పేరు బదులు CNC programmer, quality inspector అని పని పేరు కొట్టి, పక్కన ఏరియా పేరు పెట్టండి.

రెండేళ్ల కిందట ఒక కుర్రాడికి ఇలాగే చర్లపల్లిలో ఒక షాపు తగిలింది. వెబ్‌సైట్ లేదు, బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి. వాళ్ల నాన్నకు ఒకటే టెన్షన్. నేను epfindia.gov.in లో Establishment Search తెరిపించాను. కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఎప్పుడు కట్టారో, ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. ఆ షాపు అరవై మందికి పైగా ఒక్క నెలా తప్పకుండా కడుతోంది. అతనికే ఆఫర్ ఇస్తామన్న ఇంకో కంపెనీ వెబ్‌సైట్ ధగధగలాడుతోంది గానీ, ఏడాదిలో నలభై మంది పదకొండుకు దిగారు, చివరి మూడు నెలలు కట్టనే లేదు. దాన్ని వదిలేయమన్నాను.

ఇరవై మంది కన్నా తక్కువ ఉన్న చోట మామూలుగా పీఎఫ్ తప్పనిసరి కాదు. కొన్నిచోట్ల మనుషులు కాంట్రాక్టర్ లెక్కలో ఉంటారు. కాబట్టి జాబితాలో లేనంత మాత్రాన దొంగ కంపెనీ అనుకోకండి. టీ టైమ్‌కి గేటు దగ్గరికెళ్లి, జీతం ఎన్నో తారీఖున పడుతుందని ఒక ఆపరేటర్‌ని అడగండి. నాకైతే హెచ్ఆర్ మాట కన్నా ఆ మాట మీదే గురి.

ఇంటర్వ్యూలో వాళ్లు మీ పర్సంటేజీని పెద్దగా పట్టించుకోకపోవచ్చు. ఆ కుర్రాడి చేతికి డ్రాయింగ్ ఇచ్చి, 25 ± 0.02 అన్న కొలతను దేంతో చూస్తావని అడిగారు. మామూలు వెర్నియర్ చూపించగలిగే కనీస తేడాయే 0.02, అది చాలదు, మైక్రోమీటర్ కావాలన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నారు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి, జిరాక్స్ మాత్రమే ఇచ్చి వచ్చాడు.