ఓటీపీ వచ్చేది ఫోన్‌కి కాదు, బ్యాంకు దగ్గరున్న నంబరుకి

ప్రశ్న: ఫోన్ వాలెట్‌లో మొదటిసారి డెబిట్ కార్డు యాడ్ చేస్తున్నాను. ఏమేం వెరిఫికేషన్లు ఉంటాయి? నాకైతే ఓటీపీయే రావట్లేదు, ఫోన్ ప్రాబ్లమా?

ఫోన్‌ని అనకండి, పాపం. నూటికి తొంభై మంది తిట్టేది ఫోన్‌నే, తప్పు మాత్రం బ్యాంకు రికార్డులో ఉంటుంది.

మా బావమరిదిది ఇదే కథ. మారతహళ్లిలో పీజీలో ఉంటాడు, కొత్త శాంసంగ్ ఫోన్ కొన్నాడు. ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని వాలెట్‌లో కార్డు పెట్టడం మొదలెట్టాడు. ముందు స్క్రీన్ లాక్ పెట్టమంది. అది లేకుండా ముందుకు పోనివ్వదు. తర్వాత కెమెరాతో కార్డు స్కాన్ చేశాడు, వెనకాల ఉన్న మూడంకెల సీవీవీ కొట్టాడు, బ్యాంకు షరతులకు ఒప్పుకున్నాడు. ఇక్కడిదాకా ఒక్క నిమిషం పని. ఈలోపు లోపల ఆ వివరాలు వీసానో మాస్టర్‌కార్డో, ఏ నెట్‌వర్క్ కార్డయితే దాని ద్వారా బ్యాంకుకి వెళ్తాయి. ఈ కార్డుని ఈ ఫోన్‌లో పెట్టనివ్వాలా వద్దా అని తేల్చేది బ్యాంకే. తేల్చుకోవడానికి అది ఓటీపీ పంపుతుంది.

ఆ ఓటీపీ రాలేదు. మళ్లీ పంపమన్నాడు, ఫోన్ ఆపి ఆన్ చేశాడు, సిమ్ తీసి పెట్టాడు. నేను స్క్రీన్ చూస్తే చుక్కల తర్వాత నంబరు చివరి అంకెలు కనబడుతున్నాయి. అవి వాడివి కావు, ప్రొద్దుటూరులో ఉన్న మా మామయ్యవి. డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన అకౌంటు అది, అప్పుడు ఇంటి నంబరు ఇచ్చారు. ఉద్యోగం వచ్చినా ఎవరూ మార్చలేదు.

ఫోన్ చేస్తే మామయ్య, "ఏందో నంబర్లు వచ్చాండాయి రా, ఎవురికీ చెప్పొద్దన్నారు గదా, నేను గమ్మునుండా" అన్నారు. శభాష్ అనిపించింది. మావాడేమో చదివి చెప్పు నాన్నా అంటాడు. నేను వద్దన్నాను. ఎందుకంటే ఈ ఓటీపీ ఒక్క కొనుగోలుకి ఇచ్చే ఓటీపీ లాంటిది కాదు. ఇది ఇస్తే ఆ ఫోన్‌లో మీ కార్డుకి బదులుగా ఒక టోకెన్ తయారవుతుంది. టోకెన్ అంటే కార్డు నంబరు స్థానంలో వాడే వేరే నంబరు, దాన్ని తీసేసేదాకా పనిచేస్తుంది. దొంగలకి కావలసింది సరిగ్గా ఇదే: మీ కార్డు వాళ్ల ఫోన్‌లో చేరడం. కాబట్టి మెసేజ్‌లో అంకెలే కాదు, ఏ పనికోసం వచ్చిందో ఆ వాక్యం కూడా చదవండి. కొన్న వస్తువుకి డబ్బు కట్టడానికని చెప్పి అడిగిన ఓటీపీ మెసేజ్‌లో కార్డు యాడ్ చేయడం గురించి ఉంటే మోసమే.

చాలామంది యూపీఐతో కలిపేసుకుంటారు. యూపీఐలో ఫోనే ఒక ఎస్సెమ్మెస్ పంపి, అందులో ఉన్న సిమ్, బ్యాంకు నంబరు ఒకటేనా అని సరిచూస్తుంది. వాలెట్‌లో ఫోన్‌లో ఏ సిమ్ ఉందన్నది లెక్క కాదు. ఓటీపీ బ్యాంకు రికార్డులో ఉన్న నంబరుకే పోతుంది.

నంబరు మార్చడానికి ఇక్కడి బ్రాంచికి వెళ్తే "హోమ్ బ్రాంచికి వెళ్లండి సార్" అన్నారు. ఒక్క నంబరు కోసం బెంగళూరు నుంచి కడప జిల్లాకి బస్సెక్కాలట! అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయంటారు, ఫారం మాత్రం సొంతూరిలోనే ఇవ్వాలంటారు. మేనేజర్ దగ్గర కూర్చుంటే ఆధార్, పాస్‌బుక్ చూసి ఆయనే చేయించారు. నంబరు మారాక మళ్లీ యాడ్ చేస్తే ఓటీపీ చక్కగా వచ్చింది, కార్డు బొమ్మ వాలెట్‌లో కనబడింది.

ఇంకో చిక్కు తర్వాత వచ్చింది. కార్డు చేరింది గానీ సూపర్‌మార్కెట్‌లో ట్యాప్ చేస్తే తీసుకోలేదు. 2020 నుంచి ఆర్బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డుకి కాంటాక్ట్‌లెస్, ఆన్‌లైన్ వాడకం మొదట్లో ఆపేసి ఇస్తారు, మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి కాంటాక్ట్‌లెస్ ఆన్ చేశాక పనిచేసింది. బిల్లు మీద చివరి నాలుగంకెలు కార్డువి కాకపోయేసరికి వాడు కంగారుపడ్డాడు. అవి టోకెన్‌వి. వస్తువు వాపసు ఇచ్చేటప్పుడు ఆ అంకెలే అడగొచ్చు, బిల్లు దాచుకోండి.

అందుకని ముందు స్క్రీన్ మీద చివరి అంకెలు ఎవరివో చూడండి. మీవే అయి కూడా ఓటీపీ రాకపోతే బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మీ డెబిట్ కార్డు వాలెట్‌లో చేర్చడానికి వీలుందా అని అడగండి. కొన్ని డెబిట్ కార్డులకి వాళ్లే ఇంకా అవకాశం ఇవ్వలేదు. ఫోన్ పోతే కూడా బ్యాంకుకే చెప్పాలి. టోకెన్ మటుకు ఆపమని అడగండి, చేతిలో ఉన్న కార్డుని బ్లాక్ చేయక్కర్లేదు.