తోపు మాత్రము

ప్రశ్న: తెలుగులో పదాలను ఎటు మార్చి రాసినా వాక్యం నిలుస్తుంది కదా. అలాంటప్పుడు ఒక్క మాట చోటు మారినంత మాత్రాన పాత ఉత్తరం అర్థమే మారిపోతుందా? అనువాదం చేసేవారికి నిజంగా అలా ఎదురైందా?

జవాబు:

ఎదురైంది. తప్పు అనువాదం పంపినవాణ్ని నేనే కాబట్టి వివరంగా చెప్పగలను.

నేను చిత్తూరులో ఉంటాను. దస్తావేజులు, పాత ఉత్తరాలు ఇంగ్లీషులోకి, తమిళంలోకి అనువదించడం నా పని. కొన్నేళ్ల కిందట పలమనేరు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన కోలారు బంగారు గనుల్లో పనిచేస్తూ ఊళ్లో ఉన్న భార్యకు రాసినది. తేదీ ఉన్నచోట యువ సంవత్సరం, మాఘ మాసం అని ఉంది, అంటే 1936 మొదటి నెలలు. విదేశంలో ఉన్న ఆయన మునిమనవరాలికి తెలుగు చదవడం రాదు, ఆమె కోసం ఇంగ్లీషు కావాలన్నారు. అసలు కాగితం మడతల దగ్గర చినిగిపోతోందని, 1970ల్లో బంధువు ఒకాయన శ్రద్ధగా రాసిపెట్టిన నకలును ఫోనులో ఫోటో తీసి పంపారు. నేను ఆ నకలు చూసే అనువదించాను. అసలు చూపించమని అడగకపోవడం నా తప్పు.

నకలులో ఆ భాగం ఇలా ఉంది. పాత ఉత్తరాల్లో లాగే ఎక్కడా చుక్క లేదు, కామా లేదు:

"చెల్లెలికి ఆవును దూడను పంపుము దిగువ మడి కూడా పసుపుకుంకుమల కింద ఇచ్చునట్లు అమ్మతో చెప్పుము తోపు చెల్లెలికి మాత్రము ఇవ్వవద్దు దానిమీద అప్పు ఉన్నది నేను వచ్చి తీర్చిన పిదప చూతము"

ఆ కుటుంబంలో ఈ ఉత్తరమంటే ఒక్క వాక్యమే గుర్తు. "ఎవరికిచ్చినా ఇవ్వండి, చెల్లెలికి మాత్రం తోపు వద్దన్నాడు." ఆ పెద్దాయన మళ్లీ ఊరికి రాలేదు, ఉత్తరం రాసిన కొన్నేళ్లకే కోలారులో పోయారు. 1970ల్లో వాటాలు పంచుకునే రోజుల్లో చెల్లెలు తోపు సంగతి అడిగితే ఈ నకలు చదివి వినిపించారట. ఆ తరువాత ఆమె పుట్టింటి గడప తొక్కలేదు. "దానిమీద అప్పు ఉన్నది" అన్నది మరీ పుండు మీద కారం. చిన్నదాన్ని అన్న "అది" అనడం మన ఇళ్లలో మామూలే. అందుకే ఆ మాటను అందరూ చెల్లెలి మీద అప్పు ఉందని, ఆమె మొగుడు అప్పులపాలైనవాడని చదువుకున్నారు.

నేనూ అలాగే చదివాను. ఆ వాక్యాన్ని "తోపు నా చెల్లెలికి తప్ప ఇంకెవరికైనా ఇవ్వవచ్చు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసి పంపాను.

వారం తరువాత మునిమనవరాలు ఫోను చేసింది. "ఇంకెవరికైనా అంటే ఎవరండీ? ఉత్తరంలో ఇంకెవరూ లేరే" అని అడిగింది. ఆ మాట వినగానే ఎక్కడో తప్పు జరిగిందని నాకు అర్థమైంది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. తెలుగులో "చెల్లెలికి తోపు ఇవ్వు", "తోపు చెల్లెలికి ఇవ్వు" రెండూ ఒకటే, ఎందుకంటే ఎవరికి అన్నది "కి" చెబుతుంది, చోటు కాదు. కానీ "మాత్రం", "కూడా" లాంటి మాటలకు విభక్తి లేదు. అవి తమకు ముందున్న మాటనే పట్టుకుని ఉంటాయి. "మాత్రం" ఏ మాట వెనుక చేరితే ఆ మాటను ఒక గుంపులోంచి వేరు చేస్తుంది. "చెల్లెలికి మాత్రం వద్దు" అంటే మనుషుల గుంపులోంచి చెల్లెల్ని వేరు చేయడం. "తోపు మాత్రం వద్దు" అంటే ఇవ్వదగిన వస్తువుల్లోంచి తోపును వేరు చేయడం. మొదటిది వాక్యమైతే చెల్లెలికి అవమానం. రెండోదైతే చెల్లెలికి ఏదైనా ఇవ్వండి, తోపు ఒక్కటీ ఇప్పుడు వద్దు అని.

అందుకని నేను మొదట చూసేది, ఆ గుంపు ఉత్తరంలో ఉందా అని. ఈ ఉత్తరంలో తోపు పుచ్చుకోదగిన మనుషులు ఇంకెవరూ లేరు. వస్తువులు మాత్రం వరసగా ఉన్నాయి: ఆవు, దూడ, దిగువ మడి, చివర తోపు. దిగువ మడి పసుపుకుంకుమల కింద రాసివ్వమన్న అన్న, వెంటనే అదే నోటితో "దానికి తప్ప ఎవరికైనా" అంటాడా? "మాత్రము" తోపు వెనుక ఉండాలని మనసు చెబుతోంది. కానీ మనసు చెప్పిందని ఉత్తరాన్ని దిద్దే హక్కు అనువాదకుడికి లేదు. బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను.

అసలు కాగితం చూస్తే సంగతి కొంత తేలింది. "మాత్రము" వరసలో లేనే లేదు. ఆయన రాసేటప్పుడు మరిచిపోయి, తరువాత పై నుంచి చిన్న అక్షరాలతో ఇరికించారు. ఇలా విడిచిన మాటను చేర్చేటప్పుడు అది ఎక్కడ చేరాలో చూపడానికి వరసలో ఒక గుర్తు పెడతారు, దాన్నే హంసపాదం అంటారు. పైన మాట కనిపిస్తోంది, సరిగ్గా "చెల్లెలికి" అన్న మాట నెత్తిన. కింద హంసపాదం ఎక్కడా కనిపించలేదు. నకలు రాసిన ఆయన మోసం చేయలేదు. మాట ఎక్కడ తేలుతూ కనిపించిందో దానికి దగ్గరగా వరసలోకి దించారు.

అయితే ఆ మాట "చెల్లెలికి" నెత్తిన ఎందుకు ఉంది? పై వరస చూడండి. "తోపు" అన్న మాటకు నేరుగా పైన "ఇచ్చునట్లు" ఉంది. "చ్చు" ఒత్తు కిందికి దిగింది, పాళీ కొంచెం వత్తి రాయడంతో ఆ ఒత్తు తోక దాదాపు కింది వరసను తాకుతోంది. అక్కడ మాట ఇరికించడానికి జాగా లేదు. రాసే చెయ్యి కుడివైపు జరిగి, ఖాళీ ఉన్నచోట రాసింది. తెలుగులో ఒత్తులు వరస కింద వేలాడతాయి కాబట్టి, పైన చేర్చిన మాట ఎక్కడ ఉందో చూసి చోటు నిర్ణయించకూడదు. గుర్తు ఎక్కడ ఉందో చూడాలి.

గుర్తు ఉండవలసిన చోట మడత వచ్చింది. సిరా రాలిపోయింది. సాయంత్రం దాకా ఆగి, గదిలో దీపాలు ఆర్పి, ఫోను టార్చిని కాగితంతో సమానంగా బల్ల మీద పడుకోబెట్టి, వెలుతురు ఎడమ పక్కనుంచి జారేలా పెట్టాం. పాళీతో రాసినప్పుడు సిరా పోయినా కాగితం మీద గాడి మిగులుతుంది. వత్తి రాస్తే పాళీ రెండుగా విడి, జంట గాళ్లు పడతాయి. పక్క వెలుతురులో ఆ గాళ్లు నీడగా లేస్తాయి. మడత అంచున, "తోపు" చివర "పు" పక్కన, రెండు చిన్న గీతలు కొక్కెంలా కలిసిన గుర్తు కనిపించింది. టార్చిని కుడివైపుకు మార్చి మళ్లీ చూశాం. మడత నీడ అయితే వెలుతురు మారగానే ఆకారం మారుతుంది. ఇది మారలేదు.

ఒక్క గాడిని నమ్మి వాక్యం తిరగరాయడం నాకిష్టం లేదు. అదే ఉత్తరం రెండో పుటలో ఇంకో చోట మాట చేర్చి ఉంది. అక్కడ సిరా బాగానే ఉంది, అర్థంలో సందేహమూ లేదు. అక్కడ కూడా అదే కొక్కెం, చేర్చిన మాట గుర్తుకు నాలుగైదు అక్షరాలు కుడిగా. ఇది ఆయన చేతి అలవాటు.

ఇక "దానిమీద అప్పు". మాత్రము తోపు వెనుకకు వెళ్లగానే ఆ వాక్యం మాట్లాడుతున్నది తోపు గురించి అయింది, అప్పుడు "దాని" కూడా తోపే అవుతుంది. ఈ మాట చెప్పగానే ఇంటాయన లేచి పెట్టె తీసి దస్తావేజుల కట్ట తెచ్చారు. అందులో ఒక కుదువ పత్రం ఉంది. మూడు వందల రూపాయలకు ఆ తోపును నాలుగు హద్దులతో సహా కుదువ పెట్టినది, తరువాత అప్పు తీరాక వెనుక "చెల్లు" అని రాసి తిరిగి ఇచ్చినది. పత్రం తేదీ ఉత్తరానికి ముందుది, చెల్లు తేదీ తరువాతది. అప్పు చెల్లెలిది కాదు, తోపు మీదిది. అప్పుతో ఉన్న తోపును చెల్లెలి చేతిలో పెడితే ఆ భారం ఆమె మీద పడుతుంది. అందుకే నేను వచ్చి తీర్చిన పిదప చూతము అన్నారు.

ఇంగ్లీషు అనువాదం తిరిగి రాశాను: "తోపు తప్ప ఏదైనా నా చెల్లెలికి ఇవ్వండి" అనే అర్థంతో. "మాత్రము" వరస పైన చేర్చిన మాట అని, గుర్తు "తోపు" తరువాత ఉందని, సిరా పోయినందున గాడిని బట్టి చదివానని కింద ఒక గమనిక పెట్టాను. ముందు పంపినది చెల్లదని అందులోనే రాశాను. మీరు ఇలాంటి పని చేస్తుంటే ఒక జాగ్రత్త: చినిగిన మడతను తడిపి చదును చేయవద్దు, పారదర్శకమైన టేపు అంటించవద్దు. రెండింటితోనూ ఆ గాడి పోవచ్చు.

చెల్లెలు బతికి లేరు. ఆమె కూతురు గుడియాత్తంలో ఉంటారు, ఎనభైకి దగ్గర పడ్డారు. ఇంట్లో తెలుగే, కానీ బడిలో తమిళమే కాబట్టి మన లిపి చదవలేరు. ఇంటాయన ఆమెను పిలిపించి, నన్నూ రమ్మన్నారు. ఆయనే ఉత్తరం చదివారు. "తోపు మాత్రము చెల్లెలికి ఇవ్వవద్దు" దగ్గర ఆమె ఆపి, "తోపు మట్టుమా?" అని తమిళంలో అడిగారు. "అవును అత్తా, తోపు మట్టుమే" అన్నారాయన. తమిళంలోనూ ఆ మాట ముందున్న పదాన్నే పట్టుకుంటుంది, కాబట్టి ఆమెకు నేను ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ ఆ తోపు పండు ఎవరు తెచ్చినా ముట్టేది కాదు" అన్నారు. ఇంకోసారి చదవమన్నారు.

రెండోసారి చదివాక నకలు ఏమి చేయాలని అడిగితే, పారేయవద్దని ఆమే చెప్పారు. ఇంటాయన కలం తీసుకుని నకలులో "చెల్లెలికి" పక్కనున్న "మాత్రము" కొట్టేశారు. హంసపాదం ఎలా పెట్టాలో నన్ను అడిగి, "తోపు" పక్కన ఆ కొక్కెం గీసి, ఈసారి మాటను సరిగ్గా దాని పైనే రాశారు.