‘పొడిగించగలరు’ అనవచ్చా?

సందేహం: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటు ఆఫీసులో పనిచేస్తున్నాను. నా 26 వారాల ప్రసూతి సెలవు 2026 జనవరి 5న మొదలైంది, జూలై 5తో అయిపోతుంది. జనవరి 19న పుట్టిన మా పాపకు గుండెలో రంధ్రం ఉంది. జూలై 1న విశాఖలో ఆపరేషన్. తర్వాత ఆరు వారాలు జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టరు గారు చెప్పారు. నాకు 18 రోజుల ఆర్జిత సెలవు కూడా మిగిలి ఉంది. హెచ్.ఆర్. వాళ్ళు తెలుగులో రాసి ఇచ్చినా సరేనన్నారు. “పాప ఆరోగ్య సంక్లిష్టత దృష్ట్యా నా ప్రసూతి సెలవును ఆగస్టు 16 వరకు ఆరు వారాలకు పొడిగించగలరు” అని రాశాను. ‘పొడిగించగలరు’ తప్పని మా మామగారు, ‘పురిటి సెలవు’ అనాలని మా అత్తగారు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం: మామగారి అభ్యంతరం సబబైనదే. అయితే ఈ వాక్యంలో అంతకంటే ముందు దిద్దుకోవలసినది ‘ఆరు వారాలకు’ అన్న మాటలోని ‘కు’. మన వైపు చెరువుల లీజు కాగితాల్లో ‘లీజును మూడేళ్ళు పొడిగించారు’ అంటే ఉన్న గడువుకు మరో మూడేళ్ళు చేరాయని అర్థం. ‘మూడేళ్ళకు పొడిగించారు’ అంటే అంతకుముందు రెండేళ్ళో ఏడాదో ఉన్న గడువు మొత్తం మూడేళ్ళయిందని అర్థం. ఇప్పటికే 26 వారాలున్న సెలవును ‘ఆరు వారాలకు’ పొడిగించడం సాధ్యం కాదు కనుక చదివే అధికారి మీ ఉద్దేశాన్ని ఊహించుకుంటారు. కానీ అర్జీలో అంకె ఉన్నచోట ఊహకు పని ఉండకూడదు. ‘మరో ఆరు వారాలు’ అని రాస్తే సరిపోతుంది.

‘వరకు’ కూడా అలాంటిదే. ఫలానా తేదీ వరకు కాలువలకు నీరు వదులుతారన్న నోటీసు చూసిన రైతు, ఆ తేదీన కూడా నీరుంటుందా, ముందు రోజు రాత్రే కట్టేస్తారా అని లస్కరును అడగక మానడు. ‘వరకు’ ఒక హద్దును చూపుతుందే కాని, ఆ హద్దు లెక్కలో చేరిందో లేదో చెప్పదు. ‘16వ తేదీతో సహా’ అనడం ఒక ఉపాయం. దానికంటే తిరిగి వచ్చే రోజును చెప్పడం మేలు. ‘ఆగస్టు 17వ తేదీ సోమవారం విధులకు హాజరవుతాను’ అంటే తేదీ, వారం ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి. ఎక్కడైనా అంకె పొరపాటుగా పడితే ఆ రెండూ పొసగవు, తప్పు వెంటనే బయటపడుతుంది.

వారం అంటే గుర్తొచ్చింది. సంస్కృతంలో వంతు, రోజు అనే అర్థాలున్న ఈ మాట తెలుగులో ఏడు రోజుల మొత్తానికీ పేరైంది. సోమవారంలోని వారం ఒక్క రోజు, మీ ఆరు వారాలలోని వారం ఏడు రోజులు. చట్టంలోని ‘వారం’లో ఆదివారం కలుస్తుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తోటలో పనిచేసే ఒక కార్మికురాలి ప్రసూతి ప్రయోజనం కేసులో, వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులేనని 1977లో తీర్పు వచ్చింది. ఆ ప్రకారం మీ 26 వారాలు 182 రోజులు. జనవరి 5ను మొదటి రోజుగా లెక్కిస్తే 182వ రోజు జూలై 5 అవుతుంది, అది ఆదివారం. అక్కడినుంచి మరో 42 రోజులు లెక్కిస్తే ఆగస్టు 16 వస్తుంది. మీ తేదీలు సరిగ్గానే ఉన్నాయి.

ఇక మామగారి మాటకు వస్తాను. ‘గల’ అన్నది కలిగి ఉండటాన్నో శక్తినో తెలిపే మాట. ‘వాడు గోదావరి ఈదగలడు’ అంటే ఈదే సత్తా ఉన్నవాడని అర్థం. శుభలేఖల్లోని ‘విచ్చేయగలరు’, ప్రకటనల్లోని ‘గమనించగలరు’ వాడుకలో స్థిరపడిపోయాయి, వాటిని నేను తప్పు పట్టను. ఆ రెండుచోట్లా ఎదుటివారు అనుమతి ఇచ్చే స్థానంలో లేరు. మీ అర్జీని చదివేవారు ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. ‘పొడిగించగలరు’ అన్నప్పుడు వారు చేయబోయే పనిని మీరే ముందుగా ప్రకటించినట్టు ఉంటుంది. పైగా వాక్యంలో అడిగే మనిషి ఎక్కడా కనిపించదు. ‘మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను’ అంటే కోరేవారు మీరని, నిర్ణయించేవారు వారని తేటగా తెలుస్తుంది. పాత అర్జీల్లోని ‘ఇప్పించ ప్రార్థన’ ఇప్పుడు అవసరం లేదు. సెలవు అన్న మాటలోనే అనుమతి ఉంది. పెద్దలు ‘సెలవిచ్చారు’ అంటాం, ‘ఇక సెలవు’ అంటూ లేస్తాం. మళ్ళీ దానిముందు ప్రార్థించనక్కరలేదు.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ‘పొడిగింపు’ గురించి. మీ జీతం దీనితో ముడిపడి ఉంది కనుక కాస్త నిదానంగా చూద్దాం. పొడిగించడమంటే ఉన్నదాన్నే పొడుగు చేయడం. ప్రసూతి సెలవును పొడిగించమంటే, అదే పేరుతో, అదే జీతంతో మరికొంత ఇమ్మని అడిగినట్టు. చట్టంలో అలాంటి ఏర్పాటు ఒకటి లేకపోలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 10వ సెక్షను, తగిన రుజువు చూపితే అదనంగా ఒక నెల వరకు జీతంతో కూడిన సెలవు ఇమ్మనేది. 2025 నవంబరులో దాని స్థానంలో అమలులోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ ఏర్పాటు ఉంది. కానీ ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. గర్భం వల్లనో, కాన్పు వల్లనో, నెలలు నిండకుండా బిడ్డ పుట్టడం వల్లనో కలిగిన అనారోగ్యంతో బాధపడుతున్న స్త్రీ ఆ వాక్యంలోని కర్త. నెలలు నిండని బిడ్డ ప్రస్తావన కూడా అందులో కారణంగా వచ్చిందే తప్ప, అనారోగ్యం తల్లిదే. మీ పాప గుండెకు జరిగే చికిత్స ఆ వాక్యంలో ఇమడదు. కాబట్టి ‘పొడిగింపు’ అని అడిగితే, ‘నిబంధనల్లో లేదు’ అని ఒక్క ముక్కలో తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. మీకు దక్కగలిగిన సెలవు కూడా ఆ ముక్కతోపాటే ఆగిపోతుంది.

ఇక్కడ పనికొచ్చే మాట ‘కొనసాగింపుగా’. ఒక సెలవు ముగిసిన మరుసటి రోజు నుంచే మరో రకం సెలవు మొదలవుతుందని ఇది చెబుతుంది. ‘ప్రసూతి సెలవుకు కొనసాగింపుగా 18 రోజుల ఆర్జిత సెలవు, ఆపైన 24 రోజుల జీతం లేని సెలవు’ అన్నారనుకోండి, మీరు చట్టం ఇవ్వనిదాన్ని హక్కుగా అడగడం లేదని, నిల్వ ఉన్న సెలవును వాడుకుంటూ మిగిలినదానికి వారి విచక్షణను కోరుతున్నారని అర్థమవుతుంది. జీతం లేని సెలవు వారి ఇష్టంపై ఆధారపడినదే, తప్పక వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఆర్జిత సెలవు మధ్యలో వచ్చే వారాంతపు సెలవులను లెక్కించే పద్ధతి ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది కనుక, 18 రోజులు జూలై 23తో ముగుస్తాయా అన్నది అర్జీ ఇచ్చేముందు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

‘సంక్లిష్టత’ పత్రికల్లో బాగానే వాడుతున్నారు. అయితే ఆ మాటకు అర్థం చిక్కుముడి వంటి స్థితి అనే తప్ప, జబ్బు ఏమిటో అది చెప్పదు. ఒక రోగాన్ని అంటిపెట్టుకుని వచ్చే మరో బాధకు ఆయుర్వేదంలో ‘ఉపద్రవం’ అనే చక్కని మాట ఉంది కానీ, నేటి తెలుగులో ఉపద్రవమంటే తుఫానో వరదో. ‘పాపకు ఉపద్రవం’ అని చదివిన అధికారి హడలిపోతారు. ఏ మాటా అవసరం లేకుండా జబ్బునే పేరు పెట్టి చెప్పండి: ‘గుండె గదుల మధ్య గోడలో రంధ్రం’. ఆరు వారాలు ఎందుకో కూడా ఒక వాక్యంలో చెప్పాలి. ఈ శస్త్రచికిత్సకు సాధారణంగా ఛాతీ మధ్య ఎముకను తెరుస్తారు. అది అతుక్కోవడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అంతవరకు బిడ్డను చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు, తల కింద ఒక చేయి, పిరుదుల కింద ఒక చేయి వేసి ఎత్తాలి. పాలిచ్చే తల్లి దగ్గరుండవలసిన అవసరం దీనితో తెలిసిపోతుంది. పాలు తాగేటప్పుడు పాప రొప్పడం, చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం వంటివి డాక్టరు గారి ధ్రువపత్రానికి వదిలేయండి.

అత్తగారి ‘పురిటి సెలవు’ నాకు ఎంతో ఇష్టమైన మాట. నాడు నాటి అయినట్టు, గూడు గూటి అయినట్టు, పురుడు పురిటి అవుతుంది. పురిటికి పుట్టింటికి వెళ్ళిందనే మన ఇళ్ళల్లో అంటాం. వ్యాకరణం దాన్ని కాదనదు. కానీ మీ సెలవు మంజూరైన కాగితంలో ‘ప్రసూతి సెలవు’ అని ఉంటే అర్జీలోనూ అదే ఉండాలి. లేకపోతే ఇదేదో వేరే సెలవని ఫైలు చూసేవారికి అనుమానం రావచ్చు. ఇంట్లో ‘పాప’ అనేది అర్జీలో ‘నా కుమార్తె’ అయినట్టే ఇదీను.

మీ అర్జీని ఇలా రాయవచ్చు:

“మానవ వనరుల విభాగాధికారి గారికి నమస్కారాలు.

విషయం: ప్రసూతి సెలవుకు కొనసాగింపుగా ఆరు వారాల సెలవు కోరుట.

నాకు మంజూరైన 26 వారాల ప్రసూతి సెలవు 2026 జూలై 5వ తేదీతో ముగుస్తుంది. 2026 జనవరి 19న జన్మించిన నా కుమార్తెకు గుండె గదుల మధ్య గోడలో రంధ్రం ఉన్నందున జూలై 1న విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేయనున్నారు. ఆ తరువాత ఛాతీ ఎముక అతుక్కునేంతవరకు, అంటే సుమారు ఆరు వారాలు, తల్లి దగ్గరుండి చూసుకోవాలని వైద్యులు సూచించారు. వారి ధ్రువపత్రాన్ని జతపరుస్తున్నాను.

కావున, జూలై 6 నుంచి జూలై 23తో సహా 18 రోజులు నా ఖాతాలోని ఆర్జిత సెలవును, జూలై 24 నుంచి ఆగస్టు 16తో సహా 24 రోజులు జీతం లేని సెలవును మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఆగస్టు 17వ తేదీ సోమవారం విధులకు హాజరవుతాను. శస్త్రచికిత్స తేదీ మారినట్లయితే వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేస్తాను.”

చివరి వాక్యాన్ని వదిలేయకండి. బిడ్డకు జలుబు చేసినా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినా ఇలాంటి ఆపరేషన్లను వాయిదా వేస్తుంటారు. అప్పుడు ఆరు వారాలూ కొత్త తేదీ నుంచి మొదలవుతాయి, ఆగస్టు 17 అన్న మాట నిలవదు. రెండో అర్జీ రాయవలసి వస్తే, ‘పైన తెలిపిన సెలవును’ అనకుండా, మొదటి అర్జీ తేదీని, వారు ఇచ్చిన మంజూరు కాగితం తేదీని రెండింటినీ పేర్కొనండి. మీ అనారోగ్యమేదైనా వైద్యులు విడిగా ధ్రువీకరిస్తే, చట్టంలోని ఆ నెల రోజుల సెలవును దీనిలో కలపకుండా వేరే అర్జీలో అడగండి. అప్పుడు ‘నేను’ అన్న మాటే ఆ వాక్యానికి కర్త కావాలి.