బ్లూటూత్ బిల్లు ప్రింటర్ పెయిర్ అయినా ప్రింట్ రాకపోతే, తెలుగు బదులు చైనా అక్షరాలు పడితే

ప్రశ్న: దేవరకొండల మాది కిరాణం దుకాణం. రెండంగుళాల బ్లూటూత్ ప్రింటర్ కొన్నం. ఫోన్ల Paired అనే ఉంటది గని యాప్‌ల ప్రింట్ నొక్కితే కనెక్ట్ కాదు. అప్పుడప్పుడు బిల్లు వచ్చినా సరుకుల పేర్లు తెలుగుల కాకుండ చైనా అక్షరాలు పడుతున్నయి. ప్రింటర్ ఖరాబైందా, వాపస్ ఇయ్యాల్నా?

జవాబు: వాపస్ ఇవ్వకండి. చైనా అక్షరాలైనా సాఫుగా పడుతున్నాయంటే ప్రింటర్ హెడ్డు, కాగితం, బ్లూటూత్ అన్నీ పనిచేస్తున్నట్టే. మీకున్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమస్యలు. ముందు కనెక్షన్ సంగతి చూద్దాం.

మొదట ఫోన్‌ను పక్కన పెట్టి ప్రింటర్‌ను ఒంటరిగా పరీక్షించండి. ప్రింటర్ ఆఫ్ చేసి, కాగితం జరిపే ఫీడ్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ ఆన్ చేయండి. చాలా మోడళ్లలో ఒక టెస్ట్ చీటీ వస్తుంది. దాని మీద ప్రింటర్ బ్లూటూత్ పేరు, అడ్రస్ ఉంటాయి, కొన్నిటిలో పిన్ కూడా ఉంటుంది. కాగితం తెల్లగానే బయటికొస్తే రోల్ తిరగేసి పెట్టారని అర్థం. గోరుతో గీస్తే నల్లగీత పడే వైపు హెడ్డుకు తగలాలి.

ఇప్పుడు ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో పాత పేరును Forget చేసి, చీటీ మీదున్న పేరునే వెతికి మళ్లీ పెయిర్ చేయండి. పిన్ అడిగితే 0000, కాదంటే 1234. కొన్ని ప్రింటర్లు రెండు పేర్లతో కనబడతాయి, ఒకదాని చివర BLE అని ఉంటుంది, అది తక్కువ కరెంటుతో నడిచే ఇంకో రకం బ్లూటూత్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మామూలు బిల్లింగ్ యాప్‌కు BLE లేని పేరు ఎంచుకోండి. ఐఫోన్ అయితే తీరు వేరు. ఈ రకం ప్రింటర్లు అందులో BLE మీదే నడుస్తాయి కాబట్టి సెట్టింగ్స్‌లో కాదు, యాప్ లోపలి నుంచే కనెక్ట్ చేయాలి.

పెయిర్ అయ్యాక కూడా Connected అని రాలేదని చాలామంది మళ్లీ మళ్లీ పెయిర్ చేస్తుంటారు. అది అక్కడ రాదు. పెయిర్ అంటే ఫోన్, ప్రింటర్ ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకోవడమే. అసలు లైను కలిపేది యాపే. హెడ్‌సెట్ మాదిరిగా ఇది తనంతట తాను కలవదు. అందుకే Paired అని ఉంటే సెట్టింగ్స్‌లో మీ పని అయిపోయినట్టు. ఇక చూడాల్సింది యాప్‌లోనే.

యాప్ ప్రింటర్ సెట్టింగ్స్‌లో అదే పేరు ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 12, ఆ పై ఫోన్లలో ఆ యాప్‌కు Nearby devices పర్మిషన్ ఇచ్చారో లేదో చూడండి. అంతకన్నా పాత ఫోన్ అయితే కొత్త ప్రింటర్‌ను వెతికేటప్పుడు లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు లొకేషన్ పర్మిషన్ ఇవ్వాలి. ఇవన్నీ సరిగా ఉన్నా కనెక్ట్ కాకపోతే తెర మీద వచ్చే మాట చదవండి. తరచుగా కనబడేది ఇది:

```
read failed, socket might closed or timeout, read ret: -1
```

ఫోన్ పిలిచింది, ప్రింటర్ పలకలేదు అని దీని భావం. ప్రింటర్ ఆఫై ఉండొచ్చు, దూరంగా ఉండొచ్చు, మీరు BLE పేరు ఎంచుకుని ఉండొచ్చు. కానీ కిరాణం దుకాణాల్లో నేను ముందుగా అనుమానించేది రెండో ఫోన్‌నే. గల్లా దగ్గర ఒక ఫోన్, తమ్ముడి దగ్గరో కొడుకు దగ్గరో ఇంకో ఫోన్, రెండింట్లోనూ అదే యాప్. ఈ ప్రింటర్లు మామూలుగా ఒకసారి ఒక్క ఫోన్‌తోనే మాట్లాడతాయి. తమ్ముడి ఫోన్‌లో యాప్ తెరిచి ఉండి లైను వదలకపోతే మీ ఫోన్‌కు జవాబు రాదు. అతను బయటికి పోయినప్పుడు మీ బిల్లు వస్తుంది. ‘అప్పుడప్పుడు వస్తది’ అని మీరన్నది దీనికి సరిగ్గా సరిపోతుంది. రెండో ఫోన్ బ్లూటూత్ ఆపి ప్రింట్ నొక్కండి. వస్తే కారణం అదే. ఆ ఫోన్ యాప్‌లో ఆటో కనెక్ట్ తీసేయండి, లేదా ప్రింట్ అంతా గల్లా ఫోన్ నుంచే చేయండి.

గిరాకీ లేక కొంతసేపు ఖాళీగా ఉన్నాక మొదటి బిల్లే ఆగిపోతుంటే మాత్రం రెండో ఫోన్ తప్పు కాదు. కరెంటు మిగుల్చుకోవడానికి ప్రింటర్ తనంతట తాను ఆఫవుతోంది. యాప్ పాత లైనునే పట్టుకుని ఉంటుంది కాబట్టి, ప్రింటర్ ఆన్ చేశాక యాప్‌లో మళ్లీ కనెక్ట్ నొక్కాలి.

ఇక చైనా అక్షరాలు. ఫోన్ ఒక్కో తెలుగు అక్షరాన్ని మూడు బైట్లుగా పంపుతుంది, గుణింతానికి విడిగా మరో మూడు, వత్తుకైతే మరో ఆరు. ఈ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. చాలావాటిలో చైనా అక్షరాలుంటాయి, అవి రెండేసి బైట్లవి. వచ్చిన బైట్లను ప్రింటర్ రెండేసి చొప్పున విడగొట్టి చదువుతుంది. అందుకే ‘కందిపప్పు’ అని పంపితే అర్థంకాని చైనా అక్షరాల వరుస పడుతుంది. ₹ గుర్తుకూ ఇదే గతి, దాని బదులు Rs అని పెట్టుకోండి.

తెలుగు కావాలంటే దారి ఒక్కటే, బిల్లును బొమ్మగా పంపడం. యాప్ సెట్టింగ్స్‌లో ఇమేజ్ ప్రింట్, గ్రాఫిక్ ప్రింట్ లాంటి పేరుతో ఉంటుంది. అప్పుడు వత్తులు, గుణింతాలు అన్నీ ఫోనే కూర్చి, చుక్కల బొమ్మ చేసి పంపుతుంది. రెండంగుళాల ప్రింటర్‌లో కాగితం 58 మిల్లీమీటర్లున్నా అచ్చు పడేది 48 మిల్లీమీటర్లలోనే, అంటే అడ్డంగా 384 చుక్కలు. యాప్‌లో సైజు రెండంగుళాలు అనే పెట్టండి. మీ యాప్‌లో బొమ్మ పద్ధతి లేకపోతే సరుకుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. రెండంగుళాల్లో మామూలు ఫాంట్‌తో వరుసకు 32 అక్షరాలు పడతాయి. పేరుకు 16, లెక్కకు 5, పైసలకు 11 వదిలితే ఇట్లా వస్తుంది:

```
Kandi Pappu 1kg     2     340.00
```

యాప్‌లో పొరపాటున మూడంగుళాలు అని ఉంటే వరుసకు 48 అక్షరాలు పంపుతుంది. 32 దాటినవి కింది వరుసలోకి జారి, పేరు ఒక చోట, పైసలు ఇంకో చోట పడతాయి.

బొమ్మ పద్ధతిలో బిల్లు కాస్త నిదానంగా వస్తుంది. పొడుగు బిల్లు మధ్యలో ఆగితే ప్రింటర్ లైటు చూడండి. లైటు ఆరిపోతే బ్యాటరీ తక్కువైనట్టు, ఎందుకంటే హెడ్డు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. నిండా చార్జ్ చేసి, బిల్లు పైనున్న నల్లటి లోగో తీసేయండి. లైటు వెలుగుతూనే ఉండి, సగం దాకా తెలుగు వచ్చి ఆ తర్వాత పిచ్చి అక్షరాలు పడితే, ప్రింటర్ అందుకోగలిగిన దానికన్నా వేగంగా ఫోన్ పంపుతోందని అర్థం. యాప్‌లో ప్రింట్ స్పీడ్ తగ్గించే సెట్టింగ్ ఉంటే వాడండి, లేకపోతే ఫాంట్ చిన్నది చేయండి. బిల్లు పొడుగు తగ్గితే పంపాల్సిన చుక్కలూ తగ్గుతాయి.